దాణా బస్తాలు ఎన్ని మిగిలినప్పుడు ఆర్డరు పెట్టాలి?

పాల సంఘం గోదాములో దాణా లేని రోజు ఎలా ఉంటుందో కార్యదర్శులకు వేరే చెప్పనక్కర్లేదు. పొద్దున పాలు పోసిన ఆడమనిషి ఖాళీ క్యాను చంకన పెట్టుకుని, "అన్నా, ఒక బస్తా ఇప్పించు" అంటుంది. "లారీ రేపొస్తుందక్కా" అని పంపేస్తాం. రేపు రాదు. ఎల్లుండి కూడా రాదు. ఆమె ఇంట్లో ఉన్న తవుడు నాలుగు దోసిళ్లు వేసి సరిపెడుతుంది, లేకపోతే టౌనులో దొరికిన వేరే రకం దాణా తెచ్చి ఒక్కసారిగా మార్చేస్తుంది. ఆవు కడుపులో మేతను జీర్ణం చేసే సూక్ష్మజీవులు కొత్త దాణాకు అలవాటు పడటానికి వారం, పది రోజులు పడుతుంది. ఈలోగా పాలు తగ్గుతాయి. మన దాణా వచ్చినా, తగ్గిన పాలు ఆ రోజే తిరిగి రావు.

"ఈసారి ముందే తెప్పిద్దాం, గోదాము నింపి పెడదాం" అనుకుంటే అదీ నష్టమే. డబ్బు బస్తాల్లో ఇరుక్కుంటుంది. వానాకాలంలో తేమ పట్టిన దాణాకు బూజు వస్తుంది. బూజు దాణాలో ఉండే అఫ్లటాక్సిన్ అనే విషం పశువుకు హాని చేయడమే కాదు, పాలలోకి కూడా దిగుతుంది.

మరి ఎన్ని బస్తాలు మిగిలినప్పుడు కొత్త ఆర్డరు పెట్టాలి? చాలాచోట్ల ఇది కార్యదర్శి అంచనా మీదే నడుస్తుంది. రోజు అమ్మకం ఒకేలా ఉండదు, లారీ వచ్చే రోజూ ఒకేలా ఉండదు. అయినా దీనికి ఒక లెక్క ఉంది. రెండు రిజిస్టర్లు, ఒక కాలిక్యులేటర్ ఉంటే చాలు.

సగటు చాలదు

ఒక సంఘాన్ని ఉదాహరణగా తీసుకుందాం. అక్కడ రోజుకు సగటున 10 బస్తాల దాణా అమ్ముడవుతుంది. బస్తా 50 కిలోలు. అంటే రోజుకు 500 కిలోలు. ఆవుకు 5 కిలోల చొప్పున చూస్తే సుమారు వంద పాడి ఆవుల దాణా. ఆర్డరు పెట్టిన రోజు నుంచి లారీ గోదాము ముందు ఆగేదాకా సగటున 9 రోజులు పడుతుంది. ఒక్కో లారీకి 200 బస్తాలు తెప్పిస్తారు.

మామూలు లెక్క ప్రకారం 9 రోజులకు 90 బస్తాలు కావాలి. కనుక 90 మిగిలినప్పుడు ఆర్డరు పెడితే సరిపోవాలి. కానీ సగటు అంటే సగం సార్లు దానికన్నా ఎక్కువ, సగం సార్లు తక్కువ అని ఇంచుమించు అర్థం. 90 దగ్గర ఆర్డరు పెట్టే సంఘంలో దాదాపు ప్రతి రెండో లారీకీ ముందే గోదాము ఖాళీ అవుతుంది. ఏడాదికి 18 లారీలు వస్తే, తొమ్మిది సార్లు "రేపు రా అక్కా" అనాల్సిందే.

అందుకే 90 మీద ఇంకొన్ని బస్తాలు అదనంగా ఉంచాలి. వీటినే భద్రత నిల్వ అంటారు. సగటు అవసరం, భద్రత నిల్వ రెండూ కలిపితే వచ్చేది ఆర్డరు మట్టం. నిల్వ ఆ మట్టానికి దిగిన రోజే ఆర్డరు వెళ్లాలి. ఇక తేల్చాల్సింది భద్రత నిల్వ ఎంత అన్నదే.

రిజిస్టరులోంచి తీయాల్సినవి

అమ్మకాల రిజిస్టరు నుంచి రోజువారీ సగటు, దాని ఊగిసలాట తీయాలి. ఆర్డర్ల పుస్తకం నుంచి లారీ రాక గడువు సగటు, దాని ఊగిసలాట తీయాలి. ఊగిసలాట అంటే అంకెలు సగటు చుట్టూ ఎంత దూరం తిరుగుతున్నాయో చెప్పే కొలత. కాలేజీ పుస్తకాల్లో దీన్నే క్రమ విచలనం అంటారు.

మన ఉదాహరణలో పది రోజుల అమ్మకం ఇలా ఉందనుకుందాం: 8, 12, 6, 17, 10, 4, 13, 9, 14, 7. మొత్తం 100, సగటు 10. ఇప్పుడు ఒక్కో రోజు అమ్మకం సగటుకు ఎంత దూరంలో ఉందో చూడాలి. 8కి తేడా 2, 12కి తేడా 2, 6కి 4, 17కి 7... ఇలా రాసుకుని ఒక్కో తేడాను దానితోనే గుణించాలి. 4, 4, 16, 49, 0, 36, 9, 1, 16, 9. వీటి మొత్తం 144. దీన్ని రోజుల సంఖ్యలో ఒకటి తగ్గించి, అంటే 9తో భాగిస్తే 16. దాని వర్గమూలం 4. అంటే రోజు అమ్మకం ఊగిసలాట 4 బస్తాలు. ఇక్కడ పద్ధతి తెలియడానికి పది రోజులే రాశాం. మీరు కనీసం రెండు నెలల అమ్మకాలు తీసుకోవాలి.

ఒక జాగ్రత్త. గోదాము ఖాళీగా ఉన్న రోజున రిజిస్టరులో సున్నా ఉంటుంది. అది ఎవరికీ దాణా అక్కర్లేని సున్నా కాదు, మన దగ్గర లేని సున్నా. దాన్ని లెక్కలో కలిపితే సగటు తగ్గిపోతుంది. అప్పుడు ఆర్డరు మట్టం తగ్గి, మళ్లీ కొరత వస్తుంది. అలాంటి రోజులను వదిలేయాలి. బస్తా లేక తిరిగిపోయినవాళ్లను పక్కన ఒక గీత గీసి లెక్కపెట్టుకుంటే ఇంకా మంచిది.

లారీ గడువుకూ ఇదే లెక్క. గత పది ఆర్డర్లు చేరడానికి పట్టిన రోజులు: 8, 10, 7, 9, 12, 8, 9, 11, 7, 9. మొత్తం 90, సగటు 9 రోజులు. తేడాలను వాటితోనే గుణించి కలిపితే 24. 9తో భాగిస్తే 2.67. వర్గమూలం సుమారు 1.6 రోజులు. గడువును ఆర్డరు పెట్టాలని అనుకున్న రోజు నుంచి లెక్కపెట్టాలి. కంపెనీ బిల్లు వేసిన రోజు నుంచి కాదు. సంఘం డబ్బు కట్టడంలో జరిగిన ఆలస్యం కూడా మన గోదామును ఖాళీ చేసేదే.

రెండింటినీ కలిపేదెలా?

ఇక్కడే చాలామంది తడబడతారు. మెల్లగా చూద్దాం.

మొదట అమ్మకం సంగతి. ఒక రోజుకు ఊగిసలాట 4 బస్తాలు. తొమ్మిది రోజులకు 36 అనిపిస్తుంది. కానీ తొమ్మిది రోజులూ వరసగా ఎక్కువే అమ్ముడుపోవు. ఇవాళ 14 పోతే రేపు 7 పోవచ్చు. ఒకదాని ఎక్కువను ఇంకోదాని తక్కువ కొంత పూడుస్తుంది. అందుకే 9తో కాకుండా 9 వర్గమూలంతో, అంటే 3తో గుణించాలి. 4 × 3 = 12 బస్తాలు.

లారీ సంగతి వేరు. లారీ ఒక రోజు ఆలస్యమైతే ఆ రోజు అమ్మకం మొత్తం, అంటే సగటున 10 బస్తాలు అదనంగా కావాలి. దాన్ని పూడ్చేది ఏదీ లేదు. గడువు ఊగిసలాట 1.6 రోజులు కనుక 1.6 × 10 = 16 బస్తాలు.

ఇప్పుడు 12, 16 కలిపి 28 అందామా? అనకూడదు. అమ్మకం బాగా పెరిగిన వారంలోనే లారీ కూడా బాగా ఆలస్యం కావడం అప్పుడప్పుడే జరుగుతుంది. రెండూ వేటికవే ఉన్నప్పుడు వాటిని కలిపే తీరు ఇల్లు కట్టే మేస్త్రీకి తెలుసు. మూల కచ్చితంగా రావడానికి ఆయన ఒక వైపు 3 అడుగులు, ఇంకో వైపు 4 అడుగులు కొలిచి, అడ్డంగా 5 అడుగులు ఉందా అని చూస్తాడు. 3, 4 కలిస్తే అక్కడ 7 కాదు, 5. మన 12, 16 కూడా అంతే. 12ని 12తో గుణిస్తే 144. 16ని 16తో గుణిస్తే 256. మొత్తం 400. దాని వర్గమూలం 20. లారీ వచ్చేలోగా కావాల్సిన సరుకులో మొత్తం ఊగిసలాట 20 బస్తాలు.

లెక్క మొత్తం ఒక్క వరుసలో ఇది:

మొత్తం ఊగిసలాట = √(9 × 4² + 10² × 1.6²) = √(144 + 256) = 20

ఎంత భరోసా కావాలి?

లారీ వచ్చేలోగా గోదాము ఖాళీ కాకుండా వందలో ఎన్నిసార్లు గట్టెక్కాలనుకుంటున్నామో దాన్ని సేవా స్థాయి అంటారు. దాన్ని ముందే సంఘం నిర్ణయించుకోవాలి. దాన్ని బట్టి 20ని ఒక గుణకంతో గుణించాలి. ఈ గుణకాలు గణాంక పట్టికల్లో ఉంటాయి. మనకు మూడు చాలు.

90 శాతానికి గుణకం 1.28. భద్రత నిల్వ 26 బస్తాలు, ఆర్డరు మట్టం 116.
95 శాతానికి గుణకం 1.65. భద్రత నిల్వ 33 బస్తాలు, ఆర్డరు మట్టం 123.
99 శాతానికి గుణకం 2.33. భద్రత నిల్వ 47 బస్తాలు, ఆర్డరు మట్టం 137.

95 శాతం అంటే ఏమిటో సరిగ్గా అర్థం చేసుకోవాలి. వందలో ఐదుగురు రైతులకు దాణా దొరకదని కాదు. ఇరవై లారీల్లో ఒక లారీకి ముందు గోదాము ఖాళీ అవుతుందని. ఏడాదికి 18 లారీలు వచ్చే ఈ సంఘంలో ఇంచుమించు ఏడాదికి ఒకసారి. అదీ సగటున 8 బస్తాల కొరత, అంటే ఒక రోజు అమ్మకం కన్నా తక్కువే. 90 శాతమైతే ఏడాదికి దాదాపు రెండుసార్లు. 99 శాతమైతే అయిదారేళ్లకు ఒకసారి.

95 నుంచి 99కి పోవడానికి 14 బస్తాలు ఎప్పుడూ అదనంగా పడి ఉండాలి. బస్తా 1,200 రూపాయలు అనుకుంటే 16,800 రూపాయలు. నూటికి 12 చొప్పున ఏడాది వడ్డీ సుమారు 2,000. ఇటు ఒక కొరత వల్ల వంద ఆవులు రోజుకు అర లీటరు చొప్పున అయిదు రోజులు పాలు తగ్గించాయనుకుంటే 250 లీటర్లు. లీటరు 35 రూపాయలైతే 8,750. వడ్డీ సంఘం మీద పడుతుంది, పాల నష్టం రైతు మీద పడుతుంది. కనుక ఈ శాతం కార్యదర్శి ఒక్కడే తేల్చేది కాదు. పాలకవర్గంలో ఈ రెండు అంకెలూ పెట్టి మాట్లాడుకోవాలి.

అయితే పది ఆర్డర్ల లెక్క చూసుకుని 99 శాతం అని గట్టిగా చెప్పలేం. అరుదుగా వచ్చే ఆలస్యం పది ఆర్డర్లలో కనపడకపోవచ్చు. పాతిక, ముప్పై ఆర్డర్లు పోగయ్యేదాకా 95 శాతంతో మొదలుపెట్టడం మేలు.

లారీ తొందరగా రావాలా, చెప్పిన రోజుకు రావాలా?

ఈ లెక్కలో తెలిసే అసలు సంగతి ఇది. మన 20లో అమ్మకం వాటా 12, లారీ వాటా 16. ఎక్కువ బరువు లారీదే. దీన్ని తగ్గించడానికి రెండు దారులున్నాయి.

దగ్గరి డిపో నుంచి తెప్పించి సగటు గడువును 9 రోజుల నుంచి 4 రోజులకు తగ్గించారనుకోండి. కానీ ఊగిసలాట మాత్రం పాత 1.6 రోజులే ఉంది. అప్పుడు √(4 × 16 + 256) అంటే సుమారు 17.9. 95 శాతానికి భద్రత నిల్వ 30 బస్తాలు. ఆర్డరు మట్టం 70కి దిగుతుంది. అది మంచిదే. కానీ ఎప్పుడూ పడి ఉండే భద్రత నిల్వ 33 నుంచి 30కే తగ్గింది.

అలా కాకుండా గడువు 9 రోజులే ఉండి, ఊగిసలాట సగమై 0.8 రోజులకు వచ్చిందనుకోండి. √(144 + 64) అంటే 14.4. భద్రత నిల్వ 24 బస్తాలే. తొమ్మిది బస్తాలు తగ్గాయి. లారీ తొందరగా రావడం కన్నా చెప్పిన రోజుకు రావడమే భద్రత నిల్వను ఎక్కువ తగ్గిస్తుందన్నమాట.

అందుకని ఆర్డర్ల పుస్తకంలో ఒక్క తేదీ కాకుండా నాలుగు తేదీలు రాయండి: ఆర్డరు పెట్టాలనుకున్న రోజు, డబ్బు కట్టిన రోజు, ఫ్యాక్టరీలో లోడు చేసిన రోజు, గోదాముకు చేరిన రోజు. 11, 12 రోజులు పట్టిన ఆర్డర్లను తీసి చూస్తే ఆలస్యం ఎక్కడో తెలిసిపోతుంది. డబ్బు కట్టడంలోనే మూడు రోజులు పోయి ఉంటే, సంతకాలు చేసే ఇద్దరిలో ఒకరు ఊళ్లో లేకపోవడమే కారణం కావచ్చు. అది మన చేతిలో ఉన్న పని. దానికి అదనపు బస్తాలు కొనడం దండగ.

తరచు జరిగే పొరపాట్లు

అతిగా భయపడి లెక్క వేయడం మొదటిది. ఎక్కువ అమ్మిన రోజు 17 బస్తాలు, ఎక్కువ ఆలస్యమైన లారీ 12 రోజులు, కనుక 204 బస్తాలు ఉంచాలంటారు. వరసగా 12 రోజులూ 17 చొప్పున అమ్ముడవదు. 123 చాలే చోట 81 బస్తాలు అనవసరంగా తేమ పట్టేందుకు ఉంటాయి.

ఏడాదంతా ఒకే మట్టం పెట్టుకోవడం రెండోది. ఎండాకాలంలో పచ్చిమేత తగ్గి దాణా వాడకం పెరుగుతుంది. సగటు 14కి, ఊగిసలాట 5కి చేరిందనుకుంటే, అదే లారీ గడువుకు మొత్తం ఊగిసలాట √(9 × 25 + 196 × 2.56), అంటే సుమారు 27. భద్రత నిల్వ 45, ఆర్డరు మట్టం 126 + 45 = 171. చలికాలం గీత 123ని నమ్ముకుంటే ఏప్రిల్‌లో గోదాము ఖాళీ అవుతుంది. కాలం మారినప్పుడల్లా లెక్క మళ్లీ వేయాలి.

దారిలో ఉన్న సరుకు మర్చిపోవడం మూడోది. 115 బస్తాలు ఉండగా ఆర్డరు పెట్టాం. మర్నాడు 105 ఉన్నాయి. మట్టం కన్నా తక్కువే కదా అని ఇంకో ఆర్డరు పెడితే 400 బస్తాలు ఒకదాని వెంట ఒకటి దిగుతాయి. గోదాములో ఉన్నదానికి, ఆర్డరు పెట్టి ఇంకా రానిదాన్ని కలిపి చూడాలి. ఎవరికైనా ఇస్తామని ముందే డబ్బు తీసుకున్న బస్తాలను మాత్రం తీసేయాలి.

లెక్క పని చేయని చోటు

ధర పెరుగుతుందన్న మాట పుడితే ఊరంతా ఒకేసారి కొంటుంది. అప్పుడు ఇవాళ ఎక్కువ, రేపు తక్కువ అన్న సర్దుబాటు ఉండదు. వర్గమూలంతో గుణించే పద్ధతికి ఆధారమే ఆ సర్దుబాటు. భారీ వానలకు అటు లారీ ఆగి, ఇటు పచ్చిమేత కోయలేక దాణా అమ్మకం పెరిగినా అంతే. రెండూ వేటికవే అన్న మాట అక్కడ నిజం కాదు. తుపాను హెచ్చరిక, లారీల సమ్మె, ఫ్యాక్టరీ సెలవులు వంటివి ముందే తెలిసేవి. వాటికి సూత్రంలో చోటు లేదు. తెలిసిన రోజే మట్టంతో పని లేకుండా ఆర్డరు పెట్టాలి.

గోదాములో ఎలా అమలు చేయాలి?

ఈ మట్టం రోజూ సాయంత్రం నిల్వ చూసేవాళ్లకే పని చేస్తుంది. వారానికోసారి చూసే చోట 123 దాటి అరవై, డెబ్బై బస్తాలు తగ్గిపోయాక గాని సంగతి తెలియదు. రోజూ చూసినా, నిన్న 128 ఉన్నది ఇవాళ 116 కావచ్చు. గీత మీద సరిగ్గా ఆగదు. అరరోజు అమ్మకం కింద అయిదారు బస్తాలు కలుపుకుని 130 దగ్గర గీత పెట్టుకోవడం మంచిది.

రోజూ కాగితం మీద కూడికలు వేయనక్కర్లేదు. చెక్క బల్లల మీద, గోడకు జానెడు దూరంలో, పదేసి బస్తాల వరుసలు పేర్చండి. 13 వరుసల తర్వాత నేల మీద ఎర్ర రంగు గీత గీయండి. పాత బస్తాలు ముందు వెళ్లేలా కొత్తవాటిని వెనక పెట్టండి. మిగిలిన వరుసలు ఎర్ర గీతకు చేరాయా లేదా అన్నది పాలు పోయడానికి వచ్చిన రైతుకు కూడా కనిపిస్తుంది. గీత చేరిన సాయంత్రం కార్యదర్శి మర్చిపోయినా, "అన్నా, ఎర్ర గీత వచ్చేసింది, ఆర్డరు పెట్టావా?" అని అడిగేవాళ్లుంటారు.

ప్రతి లారీ దిగే ముందు గోదాములో ఎన్ని బస్తాలు మిగిలాయో ఆర్డర్ల పుస్తకంలో రాయండి. ఏడాది చివర చూసుకుంటే ఆ అంకె సగటున 33 చుట్టూ ఉండాలి. ఎప్పుడూ 60కి పైనే ఉంటే గీత కిందికి జరపొచ్చు. రెండు మూడు సార్లు సున్నా పడితే అమ్మకమో లారీ గడువో మారిందని అర్థం. అప్పుడు పాత అంకెలు పక్కన పెట్టి కొత్తగా లెక్క వేయాలి.